మూడో పేజీ వెనకవైపు

మన రచయితల సమావేశంలో ఒక తమ్ముడు "మూడు తర్వాత అయిదు" అనే కథ చదివాడు. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక కూర్చున్న ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు, వాళ్ళలో నేనూ ఉన్నాను. కథ ప్రతి అడిగి తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మరో రెండుసార్లు చదివాను. మొదటిసారి నన్ను ఏడిపించిన చోటే మూడోసారి ఇబ్బంది పెట్టింది. ఇది మంచి కథ. మంచి కథ కాబట్టే అందులో జారిన అడుగు గురించి మాట్లాడుకోవాలి.

కథ ఇదీ. పాల్వంచ వైపు ఏజెన్సీలో ఒక కోయ గూడెం. జోగయ్య చనిపోయి మూడు నెలలైంది. కొడుకు రమేష్ డిగ్రీ మధ్యలో ఆపేసిన కుర్రాడు. అయ్య భూమి కాగితాలు పాసుపుస్తకం పనిమీద ఎప్పుడో ఒక ఆఫీసులో ఇచ్చాడు, అవి తిరిగి రాలేదు. ఇచ్చే ముందు ఇంటర్నెట్ షాపులో స్కాన్ చేయించి కొడుకు ఫోనుకి పంపించాడు. ఇప్పుడు మిగిలినవి ఆ అయిదు బొమ్మలే. ఒకటి చేతిరాత పహాణీ నకలు. మిగతా నాలుగూ 1980ల నాటి భూబదలాయింపు కేసులో వచ్చిన ఉత్తర్వు పేజీలు. ఇంగ్లీషులో టైపు చేసినవి, పలుచని కాగితం, వెలిసిపోయిన అక్షరాలు. పైన పేజీ నంబర్లు ఒకటి, రెండు, మూడు, అయిదు. నాలుగు లేదు.

తాత కాలంలో గింజల అప్పు కింద తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని పక్క ఊరి ఆసామి ఆ చెలక పట్టుకున్నాడు. దానిమీద జోగయ్య కేసు వేశాడు. "మనం గెలిచినం" అని బతికినన్నాళ్ళూ కొడుక్కి చెప్పాడు. చెలక మాత్రం ఇప్పటికీ ఆసామి కొడుకుల చేతిలోనే ఉంది. గెలిచిన భూమి ఎందుకు రాలేదు? అసలు గెలిచాడా? ఆ జవాబు నాలుగో పేజీలో ఉంది.

కథ మొదటి సగంలో ఒక సన్నివేశం ఉంది. ఇటీవల నేను చదివిన కథల్లో అంత నమ్మకంగా రాసినది లేదు. రమేష్ పహాణీ నకలు ముందేసుకుని కూర్చుంటాడు. సర్వే నంబరు 128 కింద రెండు వరుసలు ఉన్నాయి, ఒకటి చిన్నాన్నది, ఒకటి అయ్యది. నంబరు పక్కన ఉపవిభాగం అక్షరం ఉంది. అది 128/అ అవ్వాలో 128/ఆ అవ్వాలో తెలియడం లేదు. రెండు చోట్లా అక్షరం కుడివైపు కొస వెలిసిపోయింది. మనం ఒకటో తరగతి పిల్లలకి మొదటి రోజు నేర్పే రెండు అక్షరాలు అవే. పలక మీద ఎన్నివేలసార్లు దిద్దించామో లెక్కలేదు. ఆ రెండింటి మధ్య తేడా ఉన్న చిన్న గీత మీద ఒక కుటుంబం భూమి ఆగిపోవచ్చని, ఏ భూమి ఎవరిదో మారిపోవచ్చని ఈ కథ చదివేదాకా నాకు తట్టలేదు.

రమేష్ అక్కడ ఊహించడు. బొమ్మని పెద్దది చేసి చూస్తాడు, లాభం లేదు. అప్పుడు విస్తీర్ణం గడి చూస్తాడు. ఒక వరుసలో 4-30, ఇంకో వరుసలో 4-20 అని అంకెలు బాగానే ఉన్నాయి. కింద మొత్తం 9-10. ఫోనులో కాలిక్యులేటరు తీసి 4.30, 4.20 కలుపుతాడు. 8.50 వస్తుంది. 9.10 రాదు. కాగితమే తప్పనుకుని తల పట్టుకుంటాడు. పొయ్యి దగ్గర్నుంచి తల్లి అడుగుతుంది, ఏందిరా అని. చెబుతాడు. అక్షరం ముక్క రాని ఆ తల్లి అంటుంది: "యాభై గుంటలంటే ఎకరం పది గుంటలు గదరా." ఎనిమిది ఎకరాల యాభై గుంటలు అంటే తొమ్మిది ఎకరాల పది గుంటలే. లెక్క సరిపోయింది. కాగితం సరిగ్గానే ఉంది, చదివినవాడే తప్పు చదివాడు.

ఈ చోట కాస్త ఆగాలి. మన పిల్లలు బడిలో దశాంశాలు నేర్చుకుంటారు. చుక్క కనిపిస్తే పదో భాగం, వందో భాగం అనుకుంటారు. తెలంగాణ వైపు పాత కాగితాల్లో ఎకరాల తర్వాత వచ్చేవి గుంటలు, నలభై అయితే ఎకరం. భద్రాచలం, వెంకటాపురం వైపు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఊళ్ళు కనుక అక్కడి పాత కాగితాల్లో సెంట్లు ఉంటాయి, వంద అయితే ఎకరం. గోదావరికి ఇటూ అటూ ఒకే అంకెకి రెండు అర్థాలు. 4-20 అన్నది గుంటల్లో నాలుగున్నర ఎకరాలు. దాన్నే సెంట్లు అనుకుంటే పన్నెండు గుంటలు మాయమైపోతాయి. గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది. రెండో అంకె ముప్పైతొమ్మిది దాటిన వరుస ఆ కాగితంలో ఎక్కడైనా కనిపిస్తే అవి గుంటలు కావు. రచయిత ఇదంతా పాఠంలా చెప్పలేదు. ఒక తల్లి నోట ఒక్క మాటతో చెప్పించాడు. అదే కథ చేయాల్సిన పని.

లెక్క కుదిరాక తల్లి మరో మాట అంటుంది, పెద్దవాడు కాబట్టి అయ్య వాటాలో ముప్పై గుంటలు ఉండేవని. అలా 4-30 అయ్యది, 4-20 చిన్నాన్నది అని తేలుతుంది. నకలులో పేర్లూ మసకగానే ఉన్నాయి. విస్తీర్ణాన్ని బట్టి పేరు దొరికింది, పేరుని బట్టి అక్షరం పోల్చుకోవాలి. అంతటితో "ఇది అ" అని రమేష్ తేల్చేయడు. పక్క సంవత్సరం పహాణీ తీసి చూడాలని అనుకుంటాడు. ఈ సగంలో రమేష్ చదివే మనిషి. కనపడని దాన్ని కనపడే దాంతో పోల్చి చూస్తాడు. తల్లి జ్ఞాపకం కాగితాన్ని పరీక్షిస్తుంది, కాగితం తల్లి జ్ఞాపకాన్ని పరీక్షిస్తుంది.

రెండో సగంలో కథ నాలుగో పేజీ దగ్గరికి వస్తుంది. ఇక్కడ రచయితకి తొందర మొదలైంది. ఆ పేజీ లేదు అన్న బాధ మీదే అతని మనసంతా ఉంది. అయ్య లేడు, పేజీ లేదు, రెండూ ఒకటే అన్నట్టు రాసుకుంటూ పోయాడు. కానీ పోయిన పేజీ పూర్తిగా పోలేదు. కథలో అతను ఇచ్చిన వివరాలనే పక్కపక్కన పెట్టి చూద్దాం.

మూడో పేజీ చివరి వాక్యం మధ్యలో ఆగింది. "పై కారణాల దృష్ట్యా" అన్న అర్థం వచ్చే మాటల దగ్గర తెగిపోయింది. ఉత్తర్వులో ఆ మాటల తర్వాత వచ్చేది నిర్ణయం. అంటే నాలుగో పేజీ నిర్ణయంతో మొదలవుతుంది. ఇక అయిదో పేజీ మొదటి వరుసలో "పడమర" అని, రెండో వరుసలో "ఉత్తరం" అని ఉన్నట్టు రచయిత రాశాడు. మన కాగితాల్లో హద్దులు చాలాసార్లు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అన్న వరసలో రాస్తారు. ఆ వరసే అయితే తూర్పు, దక్షిణం నాలుగో పేజీ అడుగున ఉండాలి. వాటి పైన సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. ఆ రెండూ పహాణీ నకలులో మనకి దొరికాయి. ఇలా చూస్తే పేజీ మొత్తంలో మనకి తెలియనిది ఒకటే మిగిలింది, ఆ నిర్ణయం. ఆసామిని ఖాళీ చేయించి భూమి తిరిగి ఇవ్వమన్నారా, దరఖాస్తు కొట్టేశారా?

అయిదో పేజీలో సంతకం కింద ప్రతులు ఎవరికి పంపారో జాబితా ఉంది. దరఖాస్తుదారుకి, ఎదుటి పక్షానికి, తగిన చర్య కోసం తహసీల్దారుకి. రమేష్ ఇది చూసి "తహసీల్దారుకి పంపారంటే గెలిచినట్టే" అని పొంగిపోతాడు. కథ కూడా అతనితోపాటు పొంగిపోతుంది. ఇది నిలబడదు. భూమి వివరాల పట్టిక గెలిచిన ఉత్తర్వులోనూ ఉండొచ్చు, ఓడిన ఉత్తర్వులోనూ ఉండొచ్చు. తహసీల్దారుకి ప్రతి రెండింటిలోనూ వెళ్ళొచ్చు. ఆ జాబితా నిజంగా చెప్పేది వేరే. అదే ఉత్తర్వు ఇంకో మూడు చోట్ల ఉందని చెబుతోంది. ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసు ఫైలులో, తహసీల్దారు ఆఫీసులో, ఆసామి ఇంట్లో. పేజీ పోయింది అయ్య కట్టలోంచే.

ఇక నన్ను అన్నిటికంటే ఆపిన వాక్యం మూడో పేజీ వర్ణనలో ఉంది. ఆ పేజీ అక్షరాల వెనక "తిరగబడిన అక్షరాల నీడ" కనిపిస్తుందని రచయిత రాశాడు. అది అయ్య నీడలా ఉందని, అద్దంలోంచి అయ్య మాట్లాడుతున్నట్టు ఉందని పోలిక కట్టాడు. సమావేశంలో అందరం మెచ్చుకున్న పోలిక ఇదే. ఇంటికొచ్చి రెండోసారి చదువుతుంటే చప్పున తట్టింది. పలుచని కాగితం మీద వెనకవైపు టైపు చేస్తేనే కదా ముందువైపు తిరగబడిన అక్షరాలు కనిపించేది! మూడో పేజీ వెనకవైపు నాలుగో పేజీ. షాపులో కుర్రవాడు ఆ ఒక్క కాగితం తిప్పి పెట్టడం మరిచిపోయాడు. పేజీ చిరిగిపోలేదు, ఎవరూ దాచలేదు, స్కాన్ కాలేదంతే. ఒకటి వెనక రెండు, మూడు వెనక నాలుగు, చివరి కాగితం మీద ఒంటరిగా అయిదు. లెక్క సరిపోతుంది.

రచయితకి ఇది తెలిసి రాశాడో తెలియక రాశాడో నాకు తెలియదు. తెలియకే అనుకుంటాను. చూసింది చూసినట్టు రాశాడు కాబట్టి నిజం కథలోకి వచ్చేసింది. దాన్ని పోలికగా మార్చి పక్కన పెట్టేశాడు. మొదటి సగంలో అ, ఆ ల దగ్గర అంత ఓపిగ్గా కూర్చున్న రమేష్ ఇక్కడ కూడా కూర్చుని ఉంటే ఏం చేసేవాడు? ముందు షాపుకి వెళ్ళి అక్కడి కంప్యూటర్లో అసలు ఫైలు ఉందేమో చూసేవాడు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన బొమ్మ చిన్నదైపోతుంది, సన్నని గీతలు ముందు అక్కడే పోతాయి. ఆ బొమ్మని ఫోనులోనే అడ్డంగా తిప్పితే తిరగబడిన అక్షరాలు సరి అవుతాయి. నలుపు, తెలుపుల తేడా కాస్త పెంచితే నీడ తేలుతుంది. అలా పేజీ అంతా చదవలేం. ముందువైపు టైపు అడ్డం వచ్చిన చోటల్లా పోతుంది. రంగు లేకుండా నలుపు తెలుపుల్లో స్కాన్ చేసినదైతే నీడే ఉండదు. పైన ఒకటి రెండు వరుసల్లో నాలుగైదు అక్షరాలు దొరకొచ్చు. దొరికినా అది రుజువు కాదు. అడగాల్సిన కాగితం ఎక్కడుందో చెప్పే ఆనవాలు మాత్రమే. అయినా ఒక కొడుకు అయ్య కాగితాన్ని తిరగేసి చదవడం కథకి ఎంత పెద్ద సన్నివేశం అయ్యేది!

దాని బదులు కథ పెన్ను అందుకుంది. రమేష్ నాలుగు పేజీలూ ప్రింటు తీయించి, రాత్రంతా దీపం కింద కూర్చుని, వెలిసిన అక్షరాల మీద నల్ల పెన్నుతో దిద్దుతాడు. చిన్నప్పుడు అయ్య తన చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించినట్టే ఇప్పుడు తాను అయ్య అక్షరాలు దిద్దుతున్నానని అనుకుంటాడు. తెల్లవారాక తల్లి హద్దులు చెబుతుంది, తూర్పున వాగు, దక్షిణాన ఇప్పచెట్టు. వాటిని ఒక తెల్లకాగితం మీద రాసి, పైన నాలుగు అని నంబరు వేసి, మూడుకీ అయిదుకీ మధ్య పెడతాడు. ఆ కట్టతో గ్రామసభకి బయలుదేరడంతో కథ అయిపోతుంది. అందరం ఏడ్చింది ఇక్కడే.

బడిలో పనిచేసే వాళ్ళకి ఈ చోట గుండె ఝల్లుమనాలి. మన అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ మీద ఎవరైనా దిద్దితే ఏమవుతుందో మనకి తెలుసు. అంకె సరైనదే అయినా దిద్దిన అంకెని ఎవరూ నమ్మరు. తప్పు పడితే ఒక గీతతో కొట్టేసి, పక్కన రాసి, సంతకం పెట్టాలని మనకి నేర్పారు. కింద ఉన్నది కనపడాలి, మార్చింది ఎవరో కనపడాలి. వెలిసిన కాగితం బలహీనమైన కాగితం, అంతే. దిద్దిన కాగితం అనుమానపు కాగితం. రమేష్ ఆ రాత్రి 128 పక్కన ఏ అక్షరం దిద్దాడు, అ నా, ఆ నా? పక్క సంవత్సరం పహాణీ ఇంకా చూడనేలేదు. మొదటి సగంలో తెరిచి ఉంచిన ప్రశ్నని ఒక్క పెన్నుపోటుతో మూసేశాడు. తాను రాసిన నాలుగో పేజీ అయితే మరీ ప్రమాదం. ఎదుటి పక్షం దగ్గర అసలు నాలుగో పేజీ ఉంది. వాళ్ళు అది తీసి చూపిస్తే, తల్లి చెప్పిన హద్దులు నూటికి నూరు నిజమైనా, ఆ కట్ట అంతా అబద్ధమైపోతుంది.

తల్లి మాట విలువ లేనిదని నేను అనడం లేదు. వాగు, ఇప్పచెట్టు, బండ్ల బాట మనవాళ్ళ హద్దులు. గ్రామసభలో పెద్దల మాట విలువైనదే. కానీ అది తల్లి చెప్పిన మాటగా నిలబడాలి. తేదీ వేసి, ఆమె వేలిముద్ర తీసుకుని, విన్నవాళ్ళ సంతకాలతో ఆమె వాంగ్మూలంగా ఉండాలి. నాలుగో పేజీ వేషం వేసుకున్న క్షణం ఆ మాట తన బలం తానే పోగొట్టుకుంది. గుంటల లెక్క దగ్గర కాగితాన్ని సరిచేసిన అదే తల్లిని రచయిత చివర్లో పేజీకి అతుకు ముక్కగా చేశాడు.

ఈ తప్పు రచయిత ఒక్కడిది కాదు. మనం బడిలో రోజూ "ఖాళీలను పూరించండి" అంటాం. ఖాళీ వదిలేసిన పిల్లాడికి సున్నా, ఏదో ఒకటి రాసినవాడికి ఒకోసారి మార్కు. ఖాళీని చూస్తే నింపాలనిపించే అలవాటు మనమే చేశాం. భూమి కాగితం దగ్గర ఆ అలవాటు పనికిరాదు. ఖాళీని ఖాళీగా ఉంచి, దాని చుట్టూ ఏముందో చదవాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. కథ మొదటినుంచి చివరిదాకా రుజువు చూపించాల్సిన బరువంతా రమేష్ మీదే పెట్టింది. ఆసామి కొడుకులు ఒక్క కాగితం కూడా తీయరు, వాళ్ళని ఎవరూ అడగరు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో సవరించారు. మనం 1/70 అనేది దాన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే చేతులు మారిందని ముందుగా భావించాలని, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనేనని అది చెబుతోంది. తిరిగి ఇవ్వాల్సింది ఆనాడు ఇచ్చినవాడికి లేదా అతని వారసులకి అని కూడా చెబుతోంది. వారసులు అన్న మాటలో రమేష్ ఉన్నాడు. పాత కేసులో ఉత్తర్వు వచ్చింది కనుక ముందు దానికే జవాబు తెలియాలి, అది నిజమే. కానీ దొంగలా రాత్రి దీపం కింద దిద్దుకోవాల్సిన స్థితి అతనిది కాదు. ఆఫీసు గుమ్మం దగ్గర మనవాళ్ళకి పట్టిన భయాన్ని కథ చక్కగా చూపించింది, ఆ భయాన్ని ఒక్కసారైనా ప్రశ్నించలేదు.

అయినా కథలో ఒక భయం చాలా నిజం. ఇంట్లో ఎవరో "నకలు పెట్టరాదురా" అంటే రమేష్ విననట్టు ఊరుకుంటాడు. రచయిత కారణం చెప్పలేదు, చెప్పకపోవడం మంచిదైంది. నకలు వస్తే అయ్య ఓడిపోయాడని తేలొచ్చు. బతికినన్నాళ్ళూ చెప్పిన మాట అబద్ధం కావొచ్చు. పేజీ దొరకనంతకాలం అయ్య గెలిచినవాడే. పెన్నుతో దిద్దడం వెనక అసలు ఉన్నది ఆ ప్రేమ, ఆ పిరికితనం. ఇది అర్థమయ్యాక రమేష్ మీద నా కోపం పోయింది. కానీ కథ అతన్ని ప్రేమిస్తూనే అతను చేసిన పని చూడగలగాలి. ఇంకో దారి కూడా ఉందని కథకి తెలియాలి. అయ్య నిజంగానే గెలిచి ఉండొచ్చు, ఆసామి ఏజెంటు దగ్గర అప్పీలుకి వెళ్ళి అమలు ఆపి ఉండొచ్చు. అప్పుడు అయ్య అబద్ధమాడలేదు, సగమే తెలుసుకున్నాడు. కాబట్టి నాలుగో పేజీ దొరికినా అడగాల్సింది ఇంకా ఉంటుంది, దానిమీద అప్పీలు నమోదైందా అని.

ఆ నకలు అడగడానికి కావలసినదంతా మొదటి పేజీలో ఉంది. కేసు నంబరు, సంవత్సరం, ఊరు, ఇద్దరి పేర్లు. వెలిసిపోయినా అవి చదవగలిగినట్టే రచయిత రాశాడు. ఆ నాలుగు వివరాలతో ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసులో ధృవీకరించిన నకలుకి దరఖాస్తు పెట్టొచ్చు. పలకకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫైలు దొరకలేదని రాసిచ్చినా అదీ ఒక కాగితమే, తేదీ, సంతకం ఉన్న కాగితం.

తోటి టీచర్లు ఈ కథని పై తరగతుల పిల్లలచేత చదివించాలని కోరుతున్నాను. చివరి రెండు పేజీలు ముందు ఇవ్వకండి. మూడో పేజీ వర్ణన దాకా చదివించి, నాలుగో పేజీ ఎక్కడుందని అడగండి. మా బడిలో అడిగితే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన నోటు పుస్తకంలో కాగితం పైకెత్తి వెలుతురుకి పెట్టి చూసింది. "వెనక ఉంది సార్" అంది.